దుకాణం వారు ఉచితంగా ఇచ్చిన పవర్ బ్యాంకు: వీడియోలో ‘మోసం’ అనవచ్చా?

కోటకూడలి_కెమెరా
విజయనగరం నుంచి ఒక చిన్న సమీక్షల ఛానెల్ నడుపుతున్నాను. ఫోన్లు, చార్జర్లు, ఇయర్‌ఫోన్లు, ఇలాంటివే ఎక్కువ. ఊళ్లో ఒక దుకాణం యజమాని, మా మావయ్యకు పాత స్నేహితుడు, 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి ఉచితంగా ఇచ్చి వీడియో చేయమన్నారు. డబ్బు ఇవ్వలేదు, నేను అడగలేదు.

నా ఫోను బ్యాటరీ 5000. పవర్ బ్యాంకు నిండుగా ఉంటే ఫోను నాలుగుసార్లు నిండాలి కదా. రెండున్నర సార్లకే ఖాళీ అయిపోయింది. పెట్టె మీద 20000 అని అంత పెద్ద అక్షరాలతో వేసి ఇంత తక్కువ ఇస్తే దాన్ని మోసం అనే చెప్పాలనిపిస్తోంది. కానీ ఇచ్చినాయన మంచివాడు, రోజూ ఎదురుపడే మనిషి. చెప్పకపోతే నన్ను నమ్మి చూసేవాళ్లకు అన్యాయం చేసినట్టు. మీలో ఇలాంటి వీడియోలు చేసేవాళ్లు ఏం చేస్తారు?

పలాస_జీడిపలుకు
చెప్పేయండి. ఇందులో ఆలోచించడానికేముంది? జీడిపప్పు కిలో అని చెప్పి అరకిలో తూస్తే మా పలాసలో ఊరుకుంటారా? 20000 అన్నారు, 12500 ఇచ్చారు. ఇది మోసం కాకపోతే మరేమిటి?

మీటరు_మాస్టారు
జీడిపలుకు గారూ, కాస్త ఆగండి. తూకం తప్పిందో లేదో తేల్చే ముందు ఏ తక్కెడలో తూచామో చూడాలి.

పెట్టె మీద ఉన్న 20000 లోపలి సెల్‌ల లెక్క. ఆ సెల్‌ల వోల్టేజి 3.7. మనకు బయటికి వచ్చేది 5 వోల్టులు. వోల్టేజి పెరిగినప్పుడు ఎంఏహెచ్ తగ్గక తప్పదు. అందుకే ఎంఏహెచ్ పక్కనపెట్టి, మొత్తం శక్తిని చెప్పే వాట్ అవర్లలో చూడండి. ఎంఏహెచ్‌ను వెయ్యితో భాగించి వోల్టేజితో గుణిస్తే అవి వస్తాయి. 20 × 3.7 = 74 వాట్ అవర్లు లోపల ఉన్నాయి. 3.7 వోల్టులను 5 వోల్టులుగా మార్చే సర్క్యూట్ కొంత తింటుంది, అది వేడిగా పోతుంది. బయటికి 60 నుంచి 65 వరకూ వస్తే సాధారణ సంగతే.

ఇప్పుడు ఫోను. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్లు పడతాయి. ఫోను నింపేటప్పుడు అక్కడా నష్టం ఉంటుంది. పూర్తిగా నిండాలంటే పవర్ బ్యాంకు నుంచి 22 దాకా లాగుతుంది. 60ని 22తో భాగించండి. మూడు కూడా రాదు. మధ్యలో ఫోను ఆన్‌లో ఉంటే, తెర వెలుగుతుంటే, ఇంకా తగ్గుతుంది. మీకు వచ్చిన రెండున్నర ఒక్కదాన్నే చూసి ఆ వస్తువును తప్పుబట్టలేం.

పెట్టె వెనక, లేదా పవర్ బ్యాంకు కిందివైపు, చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఒక అంకె ఉంటుంది. అదేమిటో చూసి ఇక్కడ రాయండి.

కోటకూడలి_కెమెరా
భూతద్దం పెట్టి చూశాను మాస్టారూ. బూడిదరంగు మీద బూడిదరంగు అక్షరాలు. ‘12000 ఎంఏహెచ్, 5 వోల్టులు, 2.4 ఆంపియర్లు’ అని ఉంది.

మీటరు_మాస్టారు
అంటే 12 × 5 = 60 వాట్ అవర్లు. తయారీదారు మాట ఇచ్చింది దానికి. మీరు పరీక్షించాల్సిందీ దాన్నే.

పలాస_జీడిపలుకు
మాస్టారూ, లెక్క అర్థమైంది. కోపం మాత్రం తగ్గలేదు. ముందువైపు అరచేతి మందాన 20000, వెనక చీమ తలకాయంత 12000. కొనేవాడికి మూడు పాయింటు ఏడు వోల్టుల సంగతి ఏం తెలుస్తుంది?

మీటరు_మాస్టారు
ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ పద్ధతి ఈ ఒక్క కంపెనీది కాదు. మార్కెట్లో దాదాపు అందరూ సెల్‌ల లెక్కే ముందు వేస్తారు. ఒక్కరినే పట్టుకుని మోసం అంటే పక్కవాడు నిజాయితీపరుడని చూసేవాళ్లు అనుకుంటారు.

బొబ్బిలి_వంటగది
నేను మిక్సీలు, కుక్కర్లు, గ్రైండర్లు సమీక్షిస్తాను. నా అభిప్రాయంలో జీడిపలుకు గారి ప్రశ్నకు జవాబు చెప్పడమే ఆ వీడియోలో అసలు పని. ‘ముందున్న అంకెకు అర్థం ఇది, వెనకున్న అంకెకు అర్థం ఇది, మీకు చేతికి అందేది ఇంత’ అని రెండు నిమిషాలు కెమెరా ముందు చూపిస్తే చాలు. తరువాత కొనేవాళ్లు ఏ కంపెనీ పెట్టె పట్టుకున్నా వెనక్కి తిప్పి చూస్తారు.

అసలు సంగతి ఇంకొకటి. ‘డబ్బు ఇవ్వలేదు’ అని రాశారు. దాంతో సరిపోయిందని అనుకోకండి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం ఉచితంగా వచ్చిన వస్తువు కూడా సంబంధమే. మీరు అడగకపోయినా, వాళ్లు షరతు పెట్టకపోయినా సంబంధమే. చుట్టరికం, స్నేహం కూడా అందులోకే వస్తాయి. మీకు ఉచిత వస్తువూ ఉంది, స్నేహమూ ఉంది. వీడియోలో అయితే నోటితోనూ చెప్పాలి, తెర మీద అక్షరాల్లోనూ చూపించాలి. కింద వివరణలో ఎక్కడో నలభై హ్యాష్‌ట్యాగుల మధ్య పడేస్తే చెప్పినట్టు కాదు.

రాజాం_దుకాణదారు
నేను అటువైపు మనిషిని, చెప్పవచ్చో లేదో. రాజాంలో ఎలక్ట్రానిక్స్ దుకాణం. వీడియో చేస్తామని వచ్చే పిల్లలకు నేనూ వస్తువులు ఇస్తుంటాను. ఇచ్చేటప్పుడు మంచిగా చెబుతారనే ఆశ ఉంటుంది, లేదంటే అబద్ధం. కానీ వస్తువు తయారుచేసింది నేను కాదు. నా దగ్గరికి పెట్టె సీలుతో వస్తుంది. వీడియోలో ‘ఫలానా దుకాణంలో ఇచ్చిన పవర్ బ్యాంకు మోసం’ అంటే జనం కంపెనీ పేరు మరచిపోతారు, నా బోర్డు గుర్తుంచుకుంటారు. ఆ తేడా చూపించండి, అంతే నేను కోరేది.

కోటకూడలి_కెమెరా
మంచి మాట చెప్పారు. నేను అలా ఆలోచించలేదు. దుకాణం ఇచ్చిందని చెప్పక తప్పదు, కానీ ఫలితం తయారీదారుది అని విడిగా చెబుతాను.

సోంపేట_తీరం
ఇంతకీ ఏది కొనమంటారు? తుపాను రోజులు వస్తున్నాయి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు మా వైపు స్తంభాలన్నీ నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటరు ఉన్న ఇంటి ముందు ఫోన్లు వరసగా పెట్టి, ఒక్కోటి ఇరవై శాతం ఎక్కగానే తీసేసి ఇంకొకరిది పెట్టేవాళ్లం. అప్పటి నుంచి ఇంట్లో పవర్ బ్యాంకు లేకుండా ఉండడం లేదు. 20000ది మంచిదేదో చెబితే కొనుక్కుంటాను.

బొబ్బిలి_వంటగది
తీరం గారూ, ఇక్కడ ఏది కొనాలనే చర్చ కాదు, ఎలా పరీక్షించాలన్నది. కానీ మీలాంటి వారి కోసమే ఈ పరీక్ష సరిగ్గా జరగాలి. చీకట్లో ఉన్నప్పుడు ఆ వస్తువు వీడియోలో చెప్పినంత ఇవ్వకపోతే పోయేది మీ ఫోనే.

సోంపేట_తీరం
సరే, ఆగి చూస్తాను. మాస్టారూ, పరీక్ష ఎలా చేయాలో పూర్తిగా చెప్పండి, మేమూ తెలుసుకుంటాం.

మీటరు_మాస్టారు
చెబుతాను. నేను శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ విద్యార్థులకు ప్రయోగశాలలో ఇదే చేయిస్తుంటాను.

మొదటి సంగతి, ఫోనుతో కొలవకండి. ఫోను తన ఇష్టం వచ్చినట్టు కరెంటు లాగుతుంది. మొదట గబగబా, 80 శాతం దాటాక నెమ్మదిగా, వేడెక్కితే ఇంకా నెమ్మదిగా. ఒక ఫోనుకూ మరో ఫోనుకూ పోలిక ఉండదు. దాని బదులు యూఎస్‌బీ లోడ్ అని చిన్న పరికరం ఉంటుంది. మీరు 2 ఆంపియర్లు అని పెడితే చివరిదాకా అంతే లాగుతుంది. పైన చిన్న ఫ్యాను ఉంటుంది, వేడెక్కుతుంది, చెక్క బల్ల మీద కాకుండా టైలు మీద పెట్టండి. రెండోది యూఎస్‌బీ మీటరు. వోల్టులు, ఆంపియర్లు, ఇప్పటిదాకా పోయిన మొత్తం వాట్ అవర్లు చూపిస్తుంది.

మీటరును నేరుగా పవర్ బ్యాంకుకే గుచ్చండి. మధ్యలో తీగ పెడితే ఆ తీగలో వోల్టేజి పడిపోతుంది, ఆ నష్టం వస్తువు ఖాతాలోకి వెళ్తుంది. మీటరు తరువాతే తీగ, తీగ తరువాత లోడ్.

పవర్ బ్యాంకును ఒకే చార్జరుతో నింపండి. నాలుగు లైట్లు వెలగగానే తీసేయకండి, నిండిందని అది స్థిరంగా చూపించాక ఇంకో గంట ఉంచండి. కాసేపు చల్లారనిచ్చి మొదలుపెట్టండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లంటే 10 వాట్లు. 60 వాట్ అవర్ల వస్తువుకు ఆరు గంటలు పడుతుంది. అది తనంతట తాను ఆగిపోయే వరకూ వదిలేసి, అప్పుడు మీటరు అంకె చూడండి.

కెమెరా ముఖ్యం. మీటరు, గోడ గడియారం ఒకే చట్రంలో కనిపించేలా పెట్టి మొత్తం రికార్డు చేయండి. వీడియోలో వేగంగా తిప్పి చూపించవచ్చు, కానీ మధ్యలో కోత ఉండకూడదు. ఎవరైనా ప్రశ్నిస్తే మీ దగ్గర ఆ ఆరు గంటలూ ఉండాలి.

ఉద్దానం_కొబ్బరి
మీటరు కూడా చౌకదే కదా మాస్టారూ. అది తప్పు చూపిస్తే?

మీటరు_మాస్టారు
మంచి ప్రశ్న. రెండు వేర్వేరు మీటర్లను ఒకదాని వెనక ఒకటి గుచ్చండి. ఒకదానికొకటి రెండు, మూడు శాతం లోపల ఉంటే ఫరవాలేదు. ఎంత తేడా వచ్చిందో వీడియోలో చెప్పండి. అలా చెబితే 60కి 58.5 వచ్చినప్పుడు ‘తక్కువ ఇచ్చింది’ అని మీరే అనరు, అది మీటరు తేడా కూడా కావచ్చని మీకు తెలుస్తుంది.

లెక్కల_అమ్మాయి
పన్ను గురించి ఎవరూ రాయలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ అని ఒక సెక్షను 2022 జూలై 1 నుంచి వచ్చింది. ఒకరి దగ్గర నుంచి ఏడాదిలో వచ్చిన ఉచిత వస్తువుల విలువ 20000 రూపాయలు దాటితే ఇచ్చేవారు 10 శాతం పన్ను మూలంలోనే కోయాలి. వీడియో అయ్యాక వస్తువు తిరిగి ఇచ్చేస్తే అది లాభం కిందికి రాదని ఆదాయపు పన్ను శాఖే వివరణ ఇచ్చింది. పవర్ బ్యాంకుకు అంత ఉండదు, కానీ రేపు ఎవరైనా ఫోనో టీవీయో ఇస్తే గుర్తుంచుకోండి.

పలాస_జీడిపలుకు
20000 ఎంఏహెచ్, 20000 రూపాయలు. ఈ చర్చకు ఆ అంకె బాగా నచ్చినట్టుంది.

బొబ్బిలి_వంటగది
తిరిగి ఇచ్చేయడం పన్ను కోసమే కాదు, మన మనసు కోసం కూడా మంచిది. ఇంట్లో రోజూ కనిపించే వస్తువును తప్పుపట్టడం కష్టం. నేను పరీక్ష అయిన వెంటనే పంపేస్తాను, పంపిన రసీదు తెర మీద చూపిస్తాను.

నా అనుభవం ఒకటి. ఒక కంపెనీ మిక్సీ పంపింది. నానబెట్టిన మినపప్పు ఒకే బరువు, నీళ్లు ఒకే కొలత, అంతకు ముందు నేను సమీక్షించిన మిక్సీలకు వాడిన లెక్కే పెట్టుకున్నాను. పెద్ద జారు మూత అంచు నుంచి పిండి కారింది. మళ్లీ మూత సరిచూసి తిప్పినా కారింది. వీడియో పెట్టే ముందు ‘మాకు ఒకసారి చూపించండి’ అన్నారు. ‘అంకెలు పంపిస్తాను, మీ జవాబు ఉంటే వీడియోలో చదువుతాను, వీడియో మాత్రం ముందు చూపించను’ అన్నాను. వాళ్లు కారడం సంగతి తీసేయమన్నారు. తీయలేదు. తరువాత వాళ్ల నుంచి ఇంకేదీ రాలేదు, సరే. ఆ షరతును వస్తువు తీసుకునే ముందే వాట్సాప్‌లో రాసి పెట్టుకోవడం వల్ల వాదన రెండు మాటల్లో ముగిసింది. కోటకూడలి గారూ, మీ దుకాణం ఆయనకు కూడా అలా రాసి పంపండి. ఆలస్యమైనా ఫరవాలేదు.

కోటకూడలి_కెమెరా
ఈ పూటే పంపాను అక్కా. ‘ఫలితం ఏదైనా చెబుతాను, వీడియో ముందుగా చూపించను, వస్తువు తిరిగి ఇస్తాను’ అని. ఆయన ‘సరే నాయనా, నీ ఇష్టం’ అన్నారు. నొచ్చుకున్నారో లేదో తెలియదు.

లోడ్, రెండు మీటర్లు తెప్పించాను. మాస్టారు చెప్పినట్టే పరీక్షిస్తున్నాను.

రాజాం_దుకాణదారు
నొచ్చుకుని ఉంటారు. రెండు రోజులకు మామూలవుతారు. నేనైతే అలాగే అవుతాను.

కోటకూడలి_కెమెరా
ఫలితం వచ్చింది. 61.2 వాట్ అవర్లు. రెండు మీటర్ల మధ్య తేడా ఒక శాతం కన్నా తక్కువ. ఆగిపోయేసరికి ఆరు గంటలు దాటింది. పెట్టె మీది 60 కన్నా కాస్త ఎక్కువే! మోసం అని చెప్పి ఉంటే ఎంత తప్పయ్యేదో. ఇక బాగుందని వీడియో పెట్టేస్తాను.

మీటరు_మాస్టారు
తొందరపడకండి. మీరు పరీక్షించింది మీకు ఇచ్చిన ఒక్క వస్తువును. దాన్ని ఎవరు ఎంచి ఇచ్చారో మనకు తెలియదు. చూసేవాళ్లు కొనేది మరొకటి. వేరే దుకాణంలో, మీ పేరు చెప్పకుండా, డబ్బులిచ్చి, బిల్లు తీసుకుని అదే మోడల్ ఇంకొకటి కొనండి. అదే చార్జరు, అదే లోడ్, అవే మీటర్లు.

రాజాం_దుకాణదారు
మాస్టారూ, మేము పెట్టెలు విప్పి మంచిది ఏరి ఇస్తామా? సీలు పెట్టె తీసి ఇచ్చేస్తాం. దుకాణదారుల మీద అంత అనుమానం అక్కర్లేదు.

మీటరు_మాస్టారు
మీ మీద అనుమానం కాదండీ. కంపెనీలు నేరుగా పంపినప్పుడు ఏరి పంపే అవకాశం ఉంది, దుకాణం నుంచి వస్తే ఆ అవకాశం తక్కువ. ఒప్పుకుంటాను. అయినా ఒక్కదాన్ని చూసి మోడల్ మొత్తం గురించి మాట్లాడలేం. అది మంచి ఫలితానికీ వర్తిస్తుంది.

పలాస_జీడిపలుకు
ప్రతి వస్తువూ రెండోది కొనుక్కుంటూ పోతే చిన్న ఛానెల్ వాళ్లు బతికేదెలా? పవర్ బ్యాంకు కాబట్టి సరే. రేపు ఫ్రిజ్ అయితే?

బొబ్బిలి_వంటగది
నిజమే, నేను కూడా ప్రతిదీ కొనలేను. కొనలేనప్పుడు ‘నేను చూసింది ఒక్కటే, అదీ వాళ్లు పంపిందే’ అని తీర్పుకు ముందు చెబుతాను. కొన్నిసార్లు అదే మోడల్ ఇప్పటికే కొన్న చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి అక్కడే పరీక్షిస్తాను. వాడిన వస్తువు ఎలా ఉందో కూడా అప్పుడు తెలుస్తుంది.

కోటకూడలి_కెమెరా
శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి వైపు వెళ్లినప్పుడు ఒక దుకాణంలో కొన్నాను. బిల్లు ఉంది. ఫలితం చూసి నాకు నోట మాట రాలేదు. 50.4 వాట్ అవర్లు. అయిదు గంటలకే ఆగిపోయింది. మళ్లీ నింపి పరీక్షిస్తే 50.9. మీటర్లు చెడిపోయాయేమోనని ఉచితంగా ఇచ్చిన మొదటిదాన్ని మళ్లీ పెట్టాను. 61 వచ్చింది. అంటే మీటర్ల తప్పు కాదు.

పలాస_జీడిపలుకు
చూశారా! నేను మొదటే చెప్పాను.

ఉద్దానం_కొబ్బరి
మీరు మొదట చెప్పింది వేరే లెక్కకు కదండీ. అప్పటి 20000 లెక్కకూ దీనికీ సంబంధం లేదు. మీ మాట ఇప్పుడు నిజమైతే అది వేరే దారిలో నిజమైంది.

పలాస_జీడిపలుకు
దారి ఏదైనా ఊరు చేరాను కదా.

మీటరు_మాస్టారు
60 చెప్పి 50.4 అంటే 16 శాతం తక్కువ. ఇది మీటరు తేడా కాదు. ఇప్పుడు మూడు విషయాలు చూడండి. ఒకటి, రెండింటి బరువు వంటింటి త్రాసు మీద. 74 వాట్ అవర్ల సెల్‌లకే సుమారు మూడు వందల గ్రాములు ఉండాలి. లోపల చిన్న సెల్‌లు పెట్టి ఉంటే బరువులో తెలుస్తుంది. రెండు, పెట్టె మీద తయారైన నెల. మూడు, భారత ప్రమాణాల సంస్థ అయిన బీఐఎస్ గుర్తు కింద ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి ఆ తయారీదారుదేనా అని చూడండి. నకిలీ సరుకైతే కొన్నిసార్లు అక్కడే బయటపడుతుంది.

ఒక్క మాట, వీడియో కోసం దాన్ని విప్పకండి. లిథియం సెల్‌కు స్క్రూడ్రైవరు గుచ్చుకుంటే మంటలు వస్తాయి. చూసేవాళ్లలో పిల్లలు ఉంటారు, వాళ్లూ అదే చేస్తారు.

కోటకూడలి_కెమెరా
బరువులు: ఉచితంగా వచ్చింది 398 గ్రాములు, కొన్నది 392. రిజిస్ట్రేషన్ సంఖ్య రెండింటికీ ఒకటే, యాప్‌లో తయారీదారు పేరు సరిపోయింది. తయారైన నెలలో మాత్రం తేడా ఉంది. కొన్నది ఏడాదికి పైగా పాతది.

మీటరు_మాస్టారు
ఆరు గ్రాముల తేడాతో ఏమీ తేలదు. నకిలీ అనడానికి ఆధారం కనబడలేదు, కాదనడానికీ పూర్తి ఆధారం లేదు, ఎందుకంటే సంఖ్యను అచ్చు వేయడం ఎవరికైనా తెలుసు. ఏడాది పాటు వేడి గోదాములో ఉంటే సెల్‌లు కొంత బలం పోగొట్టుకుంటాయి. కానీ 16 శాతం నాకు ఎక్కువగానే అనిపిస్తోంది. కారణం ఇదని నేను చెప్పలేను. మీరూ చెప్పకండి.

ఉద్దానం_కొబ్బరి
మాట జాగ్రత్త గురించి ఒక సంగతి. మా కొబ్బరికి దగ్గరి విషయం కాబట్టి నాకు గుర్తుంది. ఒక ప్రముఖ కొబ్బరినూనె మీద ఒక యూట్యూబర్ వీడియో చేస్తే 2020 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆ వీడియో తీసేయమంది. తరువాత అప్పీలుకు కూడా వెళ్లింది. ఆ వీడియోలో సాధారణ కొబ్బరినూనెను, చల్లని గానుగ పద్ధతిలో తీసిన వర్జిన్ నూనెతో పక్కపక్కన పెట్టి గడ్డకట్టించి పోల్చారు. రెండూ ఒకే రకం నూనెలు కావని కంపెనీ వాదించింది. కాబట్టి పోల్చేటప్పుడు ఒకే రకాన్ని పోల్చామా అన్నది మనకు నచ్చకపోయినా కోర్టు అడుగుతుంది.

లెక్కల_అమ్మాయి
అంటే చెడ్డగా చెబితే కేసు వేస్తారని భయపడాలా?

ఉద్దానం_కొబ్బరి
భయం అక్కర్లేదమ్మా. ‘పెట్టె మీద ఇంత ఉంది, ఇలా కొలిస్తే నాకు ఇంత వచ్చింది’ అంటే అది చూసిన సంగతి. ‘కంపెనీ జనాన్ని మోసం చేస్తోంది’ అంటే అది వాళ్ల మనసులోని ఉద్దేశం గురించి మాట్లాడడం. రెండో దానికి మన దగ్గర రుజువు లేదు.

బొబ్బిలి_వంటగది
కంపెనీకి అంకెలు పంపి జవాబు అడగండి. పరీక్ష ఎలా చేశారో, బిల్లు, పెట్టె మీది నెల అన్నీ జత చేయండి. వారం గడువు ఇవ్వండి. జవాబు వస్తే చదవండి, రాకపోతే అడిగామని, రాలేదని చెప్పండి. రెండో వస్తువుకు వారంటీ ఉంటుంది కదా, మార్చి ఇచ్చారో లేదో అది కూడా సమీక్షలో భాగమే.

కోటకూడలి_కెమెరా
కస్టమర్ కేర్‌కు రాశాను. ఫిర్యాదు సంఖ్య ఒకటి వచ్చింది, తరువాత ఏమీ రాలేదు. వారం గడిచింది. తీర్పు మాటలు ఇలా రాసుకున్నాను, చూడండి:

‘ఈ మోడల్ రెండు పరీక్షించాను. ఒకటి విజయనగరంలో దుకాణం యజమాని ఉచితంగా ఇచ్చింది, ఆయన మా కుటుంబానికి తెలిసినవారు, దాన్ని తిరిగి ఇచ్చేశాను. రెండోది నా డబ్బుతో కొన్నాను. తయారీదారు చెప్పింది 60 వాట్ అవర్లు. మొదటిది 61.2 ఇచ్చింది. రెండోది 50.4, మళ్లీ కొలిస్తే 50.9. రెండోది ఏడాదికి పైగా పాత సరుకు. తేడా ఎందుకో నాకు తెలియదు. కంపెనీని అడిగాను, వీడియో పెట్టే నాటికి జవాబు లేదు. మీరు కొంటే ఏది దొరుకుతుందో నేను హామీ ఇవ్వలేను కాబట్టి ఇప్పటికి దీన్ని కొనమని చెప్పను. కొనాలనుకుంటే తయారైన నెల చూసి, బిల్లు తప్పక తీసుకోండి.’

మీటరు_మాస్టారు
బాగుంది. ‘5 వోల్టులు, 2 ఆంపియర్ల దగ్గర కొలిచాను’ అని కూడా చేర్చండి. కంపెనీ చెప్పిన 60 అనేది 2.4 ఆంపియర్ల దగ్గర. మీరు కొంచెం తేలికైన పరీక్ష పెట్టారు, అందులో కూడా రెండోది తప్పింది. అది వాళ్లకు అనుకూలంగా చేసిన సర్దుబాటే.

రాజాం_దుకాణదారు
ఇందులో మా దుకాణదారులకు అభ్యంతరం పెట్టే మాట లేదు. పాత సరుకు సంగతి మాత్రం నాకు గుచ్చుకుంది. రేపు నా అరల్లోవి తీసి నెలలు చూస్తాను.

పలాస_జీడిపలుకు
నాకు ఇంకా మెత్తగానే అనిపిస్తోంది. ‘కొనవద్దు’ అని వీడియో మొదట్లోనే చెప్పాలి. చివర్లో చెబితే సగం మంది అక్కడిదాకా చూడరు.

బొబ్బిలి_వంటగది
ఇది మాత్రం ఒప్పుకుంటాను. తీర్పు మొదటి నిమిషంలో, కారణాలు ఆ తరువాత. అలా చేస్తే చూసే సమయం తగ్గుతుందంటారు. నా ఛానెల్లో తగ్గింది కూడా. అయినా మార్చలేదు.

లెక్కల_అమ్మాయి
వీడియో కింద కొనుగోలు లింకు పెడతారా? పెడితే కమీషన్ వస్తుంది కదా. కొనవద్దని చెప్పి కింద లింకు పెడితే ఏం బాగుంటుంది?

కోటకూడలి_కెమెరా
ఈ వీడియోకు పెట్టను. నచ్చిన వస్తువుల వీడియోలకు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. పెడితే మెచ్చుకున్న వాటి నుంచే నాకు డబ్బు వస్తుంది, అది మనసులో పనిచేస్తుందేమోనని భయం. పెట్టకపోతే రెండో వస్తువు కొనే డబ్బు ఎక్కడిది?

బొబ్బిలి_వంటగది
నేను పెడతాను, పెట్టానని చెబుతాను. సరైనదో కాదో నాకూ పూర్తిగా తేలలేదు.

సోంపేట_తీరం
పేరు రాయలేదు గానీ మీరు చెప్పిన అంకెలు చూస్తే మా బావమరిది దగ్గరున్నది ఇదే మోడల్ అనిపిస్తోంది. బూడిదరంగు మీద బూడిదరంగు అక్షరాలు, వెనక 12000. కాశీబుగ్గలో కొన్నాడు. ఇచ్చి పంపితే మూడోది కూడా పరీక్షిస్తారా?

కోటకూడలి_కెమెరా
తప్పకుండా. వీడియో రెండు రోజులు ఆపుతాను.

మీటరు_మాస్టారు
తీరం గారూ, పంపే ముందు తయారైన నెల, కొన్న నెల, ఇప్పటివరకూ రోజూ వాడుతున్నారా, అప్పుడప్పుడా అన్నది రాసి పంపండి. వాడిన దాన్ని కొత్త దానితో ఒకే వరసలో వేయకూడదు, విడిగా చూపించాలి. పైభాగం ఎక్కడైనా ఉబ్బినట్టు ఉంటే మాత్రం పంపవద్దు, చార్జింగ్ కూడా పెట్టవద్దు.

సోంపేట_తీరం
ఉబ్బలేదు, బల్లపరుపుగానే ఉంది. ఆదివారం విజయనగరం వస్తున్నాడు, రైల్వే స్టేషన్ దగ్గర ఎవరికి ఇవ్వాలో నాకు మెసేజ్ పెట్టండి.